ముందు సర్వీసు కూడండి, తర్వాతే ఫారం పట్టుకోండి

యాభై ఎనిమిదేళ్లు నిండి మిల్లు పని మానేసిన ఒక కార్మికురాలిని ఊహించుకోండి. ప్యాకింగ్ విభాగంలో పనిచేసింది. ప్రావిడెంట్ ఫండ్ డబ్బు, పెన్షన్ సంగతి తేల్చుకోవాలని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లింది. అక్కడి కుర్రాడు అడిగిన మొదటి మాట: "మీకు టెన్ సీ వేయాలా, టెన్ డీ వేయాలా?"

ఆ రెండింటికీ తేడా ఒక్క అక్షరమే. కానీ ఫారం 10-డి పెడితే బతికినంత కాలం నెలనెలా పెన్షన్ వస్తుంది. ఫారం 10-సి పెట్టి డబ్బు వెనక్కి తీసుకుంటే, ఆ సర్వీసుకు పెన్షన్ హక్కు అక్కడితో తీరిపోతుంది. ఆమె చేతిలో మిల్లు ఆఫీసువాళ్లు ఇచ్చిన సర్క్యులర్ ఉంది. నాలుగు పేజీలు. అర్హత, చందా, ఫారాలు అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా కుర్రాడి ప్రశ్నకు ఆమె జవాబు చెప్పలేకపోయింది. ఏది ముందు తేల్చుకోవాలో ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

ప్రైవేటు రంగంలోనూ, ఆర్టీసీ వంటి సంస్థల్లోనూ పనిచేసినవాళ్లకు వర్తించే ఉద్యోగుల పెన్షన్ పథకం, అంటే ఈపీఎస్-95, 1995 నవంబరు 16న అమల్లోకి వచ్చింది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీ చుట్టేవాళ్ల నుంచి గుంటూరు మిల్లుల కార్మికుల దాకా ఎందరికో ముసలితనంలో ఆధారం ఇదే. ఈ పథకం సర్క్యులర్‌ను రిటైరైన మనిషి కోసం మళ్లీ రాయాలంటే ఎలా రాయాలి? ఈ కార్మికురాలి లెక్కనే పట్టుకుని, కాగితాన్ని మొదటి గీత నుంచి మళ్లీ రాసి చూద్దాం.

చట్టం వరస వేరు, మనిషి వరస వేరు

సర్క్యులర్లు చదవడానికి కష్టంగా ఉంటాయంటే భాష బరువని అనుకుంటాం. భాష బరువు నిజమే. అంతకన్నా పెద్ద చిక్కు వరసలో ఉంది. సర్క్యులర్ రాసే అధికారి పథకాన్ని ముందు పెట్టుకుని, పేరాల క్రమంలోనే రాసుకుపోతాడు. పథకంలో పేరా 2 నిర్వచనాలు. పేరా 3 పెన్షన్ నిధి, అందులోకి ఎవరు ఎంత జమచేయాలన్న సంగతి. పేరా 6 సభ్యత్వం. 9, 10, 11 పేరాల్లో సర్వీసునూ జీతాన్నీ ఎలా లెక్కించాలో ఉంటుంది. పెన్షన్ ఎవరికి వస్తుందన్నది 12వ పేరాకు గానీ రాదు. రాకపోతే ఏం చేయాలన్నది 14లో ఉంటుంది. క్లెయిమ్ ఎన్నాళ్లలో తేల్చాలన్నది 17-ఏలో ఉంటుంది.

ఒక నిధిని కొత్తగా ఏర్పాటు చేసేవాళ్లకు ఈ వరస సహజం. ముందు డబ్బు, తర్వాత సభ్యులు, ఆపైన చెల్లింపులు. రిటైరైన మనిషి మాత్రం నిధిని ఏర్పాటు చేయడానికి రాలేదు. ఆయన మనసులో ఉన్న ప్రశ్నలు మూడు: నాకు వస్తుందా? నా పేర పడాల్సింది సరిగా పడిందా? ఇప్పుడు నేను ఏం చేయాలి? మొదటిదానికి జవాబు 12వ పేరాలో ఉంది, రెండోదానికి 3వ పేరాలో ఉంది. ముందుకూ వెనక్కూ తిరగాల్సిన ఈ ప్రయాణంలోనే దారి తప్పుతారు.

సర్క్యులర్లలో కనిపించే తరహా వాక్యం ఒకటి చూడండి. ఇది ఏ కార్యాలయానిదీ కాదు, ఆ ధోరణి తెలియడానికి నేను రాసింది:

"పథకం 9, 10, 11 పేరాలలోని నిబంధనలకు లోబడి, సదరు సభ్యుడు పది సంవత్సరములకు తక్కువ కాని అర్హ సర్వీసు కలిగియుండి, యాభై ఎనిమిది సంవత్సరముల వయస్సు నిండిన మీదట విరమణ చేసిన యెడల, లేక అంతకు పూర్వమే ఉద్యోగము నుండి వైదొలగిన యెడల తగు తగ్గింపునకు లోబడి, నెలసరి పెన్షనుకు అర్హుడగును, అట్లు కాని పక్షమున పేరా 14 వర్తించును."

ఇందులో తప్పేమీ లేదు. కానీ ఈ ఒక్క వాక్యంలో ముగ్గురు మనుషులున్నారు. పదేళ్లు దాటి 58 నిండినవారు ఒకరు. పదేళ్లు దాటినా 58 నిండకముందే పెన్షన్ కోరేవారు ఇంకొకరు. పదేళ్లు నిండనివారు మూడోవారు. చదివేవాళ్లు తాము ఆ ముగ్గురిలో ఎవరో ముందు తేల్చుకోవాలి, తమకు సంబంధించిన ముక్కను వేరుచేసి చదువుకోవాలి. మన కార్మికురాలి బతుకును తేల్చే మాట చివరి "అట్లు కాని పక్షమున" దగ్గర దాక్కుని ఉంది. పేరా 14లో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మొదటి ప్రశ్న: మొత్తం సర్వీసు ఎంత?

కాబట్టి కొత్త కాగితం మొదటి వాక్యం ఇలా మొదలవ్వాలి: "మీరు పీఎఫ్ ఉన్న ఎన్ని చోట్ల పనిచేశారో, ఆ సర్వీసు మొత్తం ముందు కూడండి."

దీన్నే మొదట ఎందుకు పెట్టాలో ఆమె లెక్క చూస్తే తెలుస్తుంది. ఆమె 1967 ఆగస్టు 1న పుట్టింది. 2019 జనవరి 1 నుంచి 2025 జూలై 31 వరకు ఇప్పటి మిల్లులో పనిచేసింది. అంటే 6 ఏళ్ల 7 నెలలు. ఈ లెక్కే చూస్తే ఆమెకు పదేళ్లు లేవు, పెన్షన్ లేదు, 10-సి పెట్టుకోవాల్సిందే. ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు తెరమీద కనిపించిన సర్వీసు చూసి అదే చెప్పాడు.

పక్కింట్లో ఉండే రిటైర్డ్ అకౌంట్స్ గుమస్తా ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఈ మిల్లుకు ముందు ఇంకెక్కడైనా చేశావా అమ్మా?"

"చేశాను అన్నయ్యా, నూలు మిల్లులో. నాలుగేళ్ల పైమాటే."

"అక్కడ జీతంలో పీఎఫ్ కోసేవాళ్లా?"

"కోసేవాళ్లు. ఆ డబ్బు నేను తీసుకోలేదు. ఆ నంబరు కాగితం కూడా ఎక్కడో పోయింది."

పాత మిల్లులో ఆమె 2014 అక్టోబరు 1 నుంచి 2018 నవంబరు 30 వరకు ఉంది. అది 4 ఏళ్ల 2 నెలలు. రెండూ కలిపితే 10 ఏళ్ల 9 నెలలు. పథకం ప్రకారం ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు, ఆరు నెలల లోపుదాన్ని వదిలేస్తారు. కనుక ఆమె సర్వీసు 11 ఏళ్లు. విడివిడిగా చూస్తే ఏ మిల్లు సర్వీసుతోనూ పెన్షన్ రాదు. కూడితే వస్తుంది. రెండు ఉద్యోగాల మధ్య ఒక నెల ఖాళీ ఉన్నా ఆ హక్కు పోదు. ఆ నెల లెక్కలోకి రాదు, అంతే.

ఇక్కడ తప్పుదారి పడితే నష్టం ఎంత? 10-సి ద్వారా డబ్బు వెనక్కి తీసుకుంటే రెండో మిల్లు సర్వీసుకు రమారమి ఆరేడు నెలల జీతం వస్తుంది. 14,000 రూపాయల జీతం మీద అది దాదాపు 90,000. ఒక్కసారే చేతికందే డబ్బు కాబట్టి పెద్దగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఆమెకు మిగిలేది పాత మిల్లు నాలుగేళ్లే. 58 దాటిన మనిషికి మళ్లీ పదేళ్లు పూర్తిచేసే దారి ఉండదు.

అందుకే కొత్త కాగితంలో అర్హత భాగం ఇంత చిన్నదిగా ఉండాలి:

1. పీఎఫ్ ఉన్న అన్ని ఉద్యోగాల సర్వీసు కూడండి. పాత పీఎఫ్ నంబర్లు, జీతం స్లిప్పులు, నియామక పత్రాలు వెతకండి. పెన్షన్ డబ్బు వెనక్కి తీసేసుకున్న సర్వీసును కూడొద్దు.

2. మొత్తం 9 ఏళ్ల 6 నెలలు, అంతకన్నా ఎక్కువ ఉంటే మీది పెన్షన్ దారి. ఫారం 10-డి. ఫారం 10-సి జోలికి వెళ్లొద్దు.

3. అంతకన్నా తక్కువ ఉంటే మీకు నెలసరి పెన్షన్ రాదు. ఫారం 10-సి మీకోసం. 58 నిండకుండా మళ్లీ ఉద్యోగంలో చేరే ఆలోచన ఉంటే, అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరండి. అప్పుడు ఈ సర్వీసు కొత్త సర్వీసుకు కలుస్తుంది.

4. పదేళ్లున్నా 58 నిండకపోతే, 50 నుంచి పెన్షన్ తీసుకోవచ్చు. 58కి తక్కువైన ఒక్కో ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది.

వరసలో ఒక ఉద్దేశం ఉంది. ఎక్కువమందికి వర్తించేది ముందు ఉంది, కొందరికే వర్తించేది చివర ఉంది. ప్రతి అంశం చివర ఏ ఫారమో, ఏం చేయాలో తేలిపోతుంది. పాత వాక్యంలోని ముగ్గురు మనుషులూ ఇప్పుడు మూడు వేర్వేరు గీతల్లో నిలబడ్డారు. ఎవరి గీత వాళ్లు చదువుకుంటే చాలు.

రెండో ప్రశ్న: పడాల్సింది పడిందా?

చందా నిబంధనలు సర్క్యులర్‌లో అందరికన్నా ఎక్కువ చోటు తింటాయి. రిటైరైన మనిషి చందా కట్టే దశ దాటిపోయాడు. ఆయన చేయగలిగింది, చేయాల్సింది ఒక్కటే: కట్టినట్టు రికార్డులో ఉందో లేదో చూసుకోవడం. కనుక ఈ భాగాన్ని నిబంధనగా కాక, సరిచూసుకునే పట్టీగా రాయాలి.

ముందు ఒక అపోహ తీర్చాలి. పెన్షన్ కోసం నా జీతంలోంచి కోశారని చాలామంది నమ్ముతారు. ఉద్యోగి జీతంలో కోసే 12 శాతం మొత్తం ప్రావిడెంట్ ఫండ్‌కే వెళ్తుంది. యజమాని వేసే 12 శాతంలోంచి 8.33 శాతం పెన్షన్ నిధికి మళ్లుతుంది, మిగిలింది పీఎఫ్‌లో పడుతుంది. దీనికి తోడు కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం వేస్తుంది. ఇక్కడ జీతమంటే మూల వేతనం, కరువు భత్యం కలిపి. దానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2014 సెప్టెంబరు 1 నుంచి అది నెలకు 15,000 రూపాయలు, అంతకు ముందు 6,500.

మన కార్మికురాలి 14,000 మీద చూద్దాం. ఆమె వాటా 1,680, మొత్తం పీఎఫ్‌కు. మిల్లు వాటా కూడా 1,680. అందులో 1,166 పెన్షన్‌కు, 514 పీఎఫ్‌కు. పాస్‌బుక్ తెరిస్తే ప్రతి నెలకూ ఈ మూడు అంకెలు మూడు గడుల్లో కనిపిస్తాయి. చివరిది పెన్షన్ గడి. శాతాలు గుర్తుంచుకోవాల్సిన పనిలేదు. ఆ మూడో గడిలో నెలనెలా అంకె ఉందా లేదా అన్నదే చూడాలి. ఖాళీ ఉన్న నెల సర్వీసులోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఆ గడి చూసేటప్పుడు మూడు సంగతులు గుండె గుభేలుమనిపిస్తాయి. వాటి గురించి కాగితం ముందే చెప్పాలి.

మొదటిది, పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయిస్తే పీఎఫ్ డబ్బు వస్తుంది గానీ పెన్షన్ గడిలో సున్నా కనిపిస్తుంది. డబ్బు పోయిందని కంగారుపడతారు. పెన్షన్ నిధి అందరిదీ ఒకటే, అందులో వ్యక్తుల పేర వేరువేరు నిల్వలు ఉండవు. బదిలీ అయ్యేది సర్వీసు. కనుక బదిలీ తర్వాత చూసుకోవాల్సింది పెన్షన్ గడిని కాదు, పాత సంస్థలో చేరిన తేదీ, మానిన తేదీ సర్వీసు చరిత్రలోకి వచ్చాయా అన్నది.

రెండోది, 58 నిండిన రోజుతో పెన్షన్ పథకంలో సభ్యత్వం ముగుస్తుంది. ఆ తర్వాతా ఉద్యోగంలో ఉంటే యజమాని వాటా మొత్తం పీఎఫ్‌కే వెళ్లాలి. సంస్థలో లెక్కలు చూసేవాళ్లు అలవాటు కొద్దీ 8.33 శాతం పెన్షన్‌కు పంపుతూనే ఉంటే, క్లెయిమ్ అక్కడ చిక్కుకుంటుంది. పెన్షన్‌ను కావాలనే 60 వరకు వాయిదా వేసుకునేవారి సంగతి వేరు. వాళ్లకు ఏడాదికి 4 శాతం చొప్పున పెన్షన్ పెరుగుతుంది.

మూడోది, 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి ఉద్యోగంలో చేరి, చేరినప్పటికే జీతం 15,000 దాటినవారు ఈ పెన్షన్ పథకంలోకి రారు. వాళ్ల పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో అంకె ఉంటే అది పొరపాటున పడింది. రిటైరయ్యే ముందే సంస్థ చేత సరిచేయించుకోవాలి.

ఎంత వస్తుందో చేత్తో లెక్కగట్టడం

చాలా సర్క్యులర్లు సూత్రం ఇచ్చి ఊరుకుంటాయి. సూత్రం చిన్నదే: పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతమంటే చివరి 60 నెలల సగటు, చివరి నెల జీతం కాదు. కాగితంలో దీన్ని ఒక మనిషి లెక్కగా చూపాలి.

ఆమె చివరి 60 నెలల సగటు 14,000. సర్వీసు 11 ఏళ్లు.

14,000 × 11 ÷ 70 = 2,200

నెలకు 2,200 రూపాయలు. ఇందాకటి 90,000ని దీనితో పోల్చి చూడండి. మూడున్నర ఏళ్లలో పెన్షన్ ఆ మొత్తాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి నెలా అదనమే. ఆమె తర్వాత భర్తకు అందులో సగం, 1,100 వస్తుంది. 25 ఏళ్లలోపు పిల్లలుంటే ఇద్దరి వరకు ఒక్కొక్కరికి భర్తకు వచ్చేదానిలో పావు వంతు చొప్పున వస్తుంది. ఈ పోలిక కాగితంలో ఉంటే 10-సి, 10-డి తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

2014కు ముందు నుంచి పనిచేసినవాళ్లకు రెండో ఉదాహరణ తప్పనిసరి. వాళ్ల సర్వీసును 2014 సెప్టెంబరు 1 దగ్గర రెండుగా విడదీస్తారు. పాత భాగానికి జీతం 6,500 మించకుండా, కొత్త భాగానికి 15,000 మించకుండా తీసుకుంటారు. అంతకు ముందు 18 ఏళ్లు, తర్వాత 10 ఏళ్లు పనిచేసి, సగటు జీతం 15,000 ఉన్న మనిషిని తీసుకుందాం. సూత్రం ఒక్కటే తెలిసి ఇంట్లో లెక్కవేసుకుంటే 6,000 వస్తుంది. కార్యాలయం లెక్క ఇలా ఉంటుంది:

6,500 × 18 ÷ 70 = 1,671
15,000 × 10 ÷ 70 = 2,143
మొత్తం 3,814

ఇరవై ఏళ్లు నిండి 58లో రిటైరైనవారికి సర్వీసుకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. లెక్క తేలిగ్గా కనిపించాలని దాన్ని ఇక్కడ పక్కనపెట్టాను. దాన్ని కలిపినా ఇంట్లో వేసుకున్న లెక్కకు, చేతికొచ్చేదానికి మధ్య తేడా పెద్దగానే ఉంటుంది. ఆ తేడా ఎందుకో ముందే తెలియకపోతే, కార్యాలయం తన డబ్బు తినేసిందని మనిషి మిగిలిన జీవితమంతా అనుకుంటాడు.

పూర్తి జీతం మీద అధిక పెన్షన్ సంగతిని ఈ కాగితంలో కలపకూడదు. 2022 నవంబరు 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత దానిమీద వరసగా ఉత్తర్వులు వచ్చాయి. ఉద్యోగులు ఉమ్మడి ఆప్షన్ ఇవ్వడానికి గడువు 2023 జూలై 11తో ముగిసింది. జీతం పరిమితి లోపే ఉన్నవారికి ఆ గొడవతో పనిలేదు. పరిమితి దాటిన జీతం మీద చందా కట్టి, ఆప్షన్ ఇచ్చినవాళ్లకు వేరే కాగితం ఇవ్వాలి. కొద్దిమంది కోసం రాసిన మినహాయింపులు మధ్యలో దూరితే, మిగిలినవాళ్లు తమ గీతను కోల్పోతారు.

మూడో ప్రశ్న: ఏ పని ముందు?

క్లెయిమ్ భాగంలో పాత సర్క్యులర్ జతచేయాల్సిన పత్రాల జాబితా ఇస్తుంది. జాబితాకు వరస ఉండదు. ఇక్కడ మాత్రం ఒక పని కానిదే ఇంకో పని కాదు. ఆమె పనులు ఈ క్రమంలో నడవాలి:

1. పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లోనూ పీఎఫ్ రికార్డులోనూ ఒకేలా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరంగా ఉన్నా ఆగిపోతుంది. తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్ ద్వారా సరిచేయించండి.

2. పాత ఖాతాను ఇప్పటి యూఏఎన్‌కు బదిలీ చేయించండి. ఇది ఫారం 13. రెండు యూఏఎన్‌లు ఉంటే పాతదాన్ని కొత్తదానిలోకి తేవాలి.

3. ఉద్యోగం మానిన తేదీ రికార్డులో పడిందా చూడండి. సంస్థ వేయకపోతే, చివరి చందా పడిన నెల తర్వాత రెండు నెలలు ఆగి మీరే వేసుకోవచ్చు.

4. బ్యాంకు ఖాతా, ఆధార్ కేవైసీ ఆమోదం పొందాయా చూడండి. కుటుంబ వివరాలతో ఇ-నామినేషన్ పూర్తిచేయండి.

5. ఇప్పుడు ఫారం 10-డి. భార్యాభర్తల ఉమ్మడి ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ లేదా చెక్కు, 25 ఏళ్లలోపు పిల్లలుంటే వాళ్ల పుట్టిన తేదీ రుజువు సిద్ధంగా ఉంచుకోండి. పీఎఫ్ సొమ్ముకు ఫారం 19 వేరు. అది పెట్టినంత మాత్రాన పెన్షన్ హక్కు పోదు.

6. అన్నీ సరిగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో తేల్చాలి. లోపం ఉంటే ఏ లోపమో కార్యాలయం రాతపూర్వకంగా చెప్పాలి. మంజూరైతే పీపీఓ నంబరు వస్తుంది. దాన్ని ఇంట్లో ఇద్దరికి తెలిసేలా రాసి పెట్టండి.

7. ఏటా జీవన్ ప్రమాణ్ ఇవ్వండి. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. నవంబరు దాకా ఆగనక్కర్లేదు. గడువు దాటితే పెన్షన్ ఆగుతుంది, మళ్లీ ఇచ్చాక బకాయితో సహా వస్తుంది.

ఆమె విషయంలో నిజంగా చిక్కు పడింది రెండో అంకె దగ్గర. రెండో మిల్లులో చేరినప్పుడు ఫారం 11లో పాత సభ్యత్వం ఉందా అన్న గడి ఖాళీగా వదిలేశారు. అందువల్ల రెండో యూఏఎన్ పుట్టింది, పాత సర్వీసు తెరమీద కనిపించకుండా పోయింది. బదిలీ కాకముందే 10-డి పెట్టి ఉంటే, సర్వీసు చాలదని తిరస్కరించేవారు. అప్పుడు ఎవరో ఒకరు "అయితే 10-సి పెట్టేయమ్మా" అనేవారు. రెండో పని అయ్యాకే ఐదో పని అని అంకెలు వేసి చెప్పడం వల్ల ఆ పొరపాటుకు దారి మూసుకుపోయింది.

సంస్థ మూతపడి సంతకం పెట్టేవాళ్లు లేని సందర్భాన్ని కూడా ఇక్కడే ఒక గీతలో చెప్పాలి. అప్పుడు బ్యాంకు మేనేజరో గెజిటెడ్ అధికారో ధ్రువీకరించవచ్చు. ఫిర్యాదుకు ఈపీఎఫ్ఐజీఎంఎస్, ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే నిధి ఆప్కే నికట్ శిబిరం ఉన్నాయి. ఇవి కాగితం అడుగున ఉంటే చాలు. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు, ఏ శాఖ ద్వారానైనా పెన్షన్ తీసుకునే ఏర్పాటు వచ్చింది. కాబట్టి కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో ఊరు మారినప్పుడు పీపీఓ బదిలీ చేయించుకోవాలన్న పాత సూచనను కొట్టేయాలి. కాలం చెల్లిన సూచన మిగిలిపోతే మనిషిని అక్కర్లేని కార్యాలయానికి తిప్పుతుంది. అందుకే కాగితం తలమీద "ఈ తేదీ నాటి నిబంధనల ప్రకారం" అని తేదీ వేయాలి.

మాటల పొదుపు, పేరా నంబర్ల చోటు

వరస కుదిరాక మాటలకు వద్దాం. సర్క్యులర్‌లో ఒకే మనిషిని సభ్యుడు, చందాదారు, ఉద్యోగి, లబ్ధిదారు, దరఖాస్తుదారు అని ఐదు పేర్లతో పిలుస్తారు. చదివేవారు ఐదుగురున్నారనుకుంటారు. కొత్త కాగితంలో ఆ మనిషి "మీరు". భార్య లేదా భర్త పేర వేరే హక్కు ఉన్నచోట మాత్రమే పేరు మారుతుంది.

అదే సమయంలో, వేరైన రెండింటిని ఒకటిగా పిలవకూడదు. పెన్షన్ వస్తుందా అని తేల్చే సర్వీసు వేరు, ఎంత వస్తుందో లెక్కగట్టే సర్వీసు వేరు. మొదటిది పదేళ్ల గీత దాటిందా లేదా అని చెబుతుంది. రెండోదానికి ఆ రెండేళ్ల అదనం కలుస్తుంది. రెండింటినీ "సర్వీసు" అని రాస్తే, ఎనిమిదేళ్లకు రెండు కలిపి పదేళ్లయ్యాయనుకునేవాళ్లు ఉంటారు. "అర్హతకు సర్వీసు", "లెక్కకు సర్వీసు" అని రాస్తే ఆ తప్పు జరగదు.

పేరా నంబర్లను పూర్తిగా తీసేయాలా? తీసేయకూడదు. కార్యాలయంలో వాదన వస్తే ఆధారం చూపాల్సింది అవే. కానీ వాక్యం మధ్యలోంచి తీసి, పక్కన అంచులో చిన్న అక్షరాల్లో పెట్టాలి. చదివేవారికి అడ్డురావు, అడిగినవారికి దొరుకుతాయి.

రాసిన కాగితం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రిటైరవబోయే ఐదుగురిని కూర్చోబెట్టి కాగితం ఇవ్వండి. "అర్థమైందా?" అని అడగొద్దు. అడిగితే మర్యాదకు అందరూ అయిందంటారు. మన కార్మికురాలి తేదీలు చెప్పి, "ఈమె ఏ ఫారం పెట్టాలి? దానికి ముందు ఏం చేయాలి? ఎంత వస్తుంది?" అని మూడు ప్రశ్నలు వేయండి. వాళ్ల వేలు ఏ గీత దగ్గర ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో చూడండి. ఇద్దరు ఒకేచోట ఆగితే, మార్చాల్సింది ఆ గీతనే.

కాగితం ఎంత బాగా రాసినా కొన్ని మారవు. సంస్థ పంపని చందాను అది పంపించలేదు. ఈ పెన్షన్‌కు కరువు భత్యం లేదు, ధరలు పెరిగినా 2,200 అక్కడే నిలబడుతుంది. 2014 సెప్టెంబరు నుంచి కనీస పెన్షన్ 1,000 రూపాయలు. ఈ సంగతులు కూడా కాగితంలో సూటిగా చెప్పాలి. ఎంత వస్తుందో ముందే తెలిసిన మనిషి ఆ మేరకు ఇంటి ఖర్చు సర్దుకుంటుంది.

ఇంటర్నెట్ సెంటరుకు మళ్లీ వెళ్లినప్పుడు మన కార్మికురాలి చేతిలో ఈ కొత్త కాగితం ఉందనుకోండి. కుర్రాడు మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు: "టెన్ సీయా, టెన్ డీయా?" ఈసారి ఆమె మొదటి గీత మీద వేలు పెట్టి చూపిస్తుంది. "ముందు నా పాత మిల్లు సర్వీసు కలుపు నాయనా. ఫారం సంగతి తర్వాత చూద్దాం."